టార్గెట్ తప్పిన టీమ్ ముందు తొలి మాట

తెనాలిలో ఒక బిస్కెట్ల డిస్ట్రిబ్యూటరు గోడౌన్. ముందు వరసలో అట్టపెట్టెలు ఛాతీ ఎత్తున పేర్చి ఉన్నాయి. వాటిని పక్కకు జరిపించి, వెనక గోడ దాకా వెళ్లి, అక్కడున్న పెట్టె మీద ప్యాకింగ్ తేదీ చూసిందామె. మార్చి నెల సరుకు. అప్పటికి జులై మొదటి వారం నడుస్తోంది. ఆరు నెలలు నిలవుండే బిస్కెట్లు మూడు నెలలకు పైగా ఆ గోడకు ఆనుకుని ఉన్నాయి. డిస్ట్రిబ్యూటరు పెద్దాయన కుర్చీలోంచి లేవకుండానే అన్నాడు: "చూశారు కదమ్మా. మార్చి 31న రాత్రి పదకొండింటికి లారీ వచ్చింది. దింపుకోనంటే మీవాళ్లు కాళ్లావేళ్లా పడ్డారు. ఇప్పుడు మళ్లీ ఆర్డరు పెట్టమంటే సరుకు ఎక్కడ పెట్టుకోను?"

ఆమె ఆ కంపెనీకి కొత్తగా వచ్చిన రీజినల్ సేల్స్ మేనేజరు. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలు ఆమె కిందికి వస్తాయి. ఇంకో నాలుగు రోజుల్లో విజయవాడలో ఒక హోటల్ హాల్లో తన టీమ్ ముందు మొదటిసారి నిలబడి మాట్లాడాలి. ముగ్గురు ఏరియా మేనేజర్లు, పదకొండు మంది సేల్స్ ఆఫీసర్లు. ఏప్రిల్, మే, జూన్ మూడు నెలల టార్గెట్ తప్పినవాళ్లు. ఆమె ఉద్యోగం మొదలుపెట్టినప్పుడు నా కింద సేల్స్ ఆఫీసరుగా పనిచేసింది. అందుకే ఆ ప్రసంగానికి ముందూ తర్వాతా కూడా ఫోన్ చేసి మాట్లాడింది. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను. కంపెనీ పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. ఎవరూ గుర్తుపట్టకుండా అంకెల్ని గుండ్రం చేశాను. జరిగిన తీరు మాత్రం జరిగినట్టే ఉంది.

ఇలాంటి మీటింగులు నేను చాలా చూశాను, ఎక్కువగా వెనక కుర్చీల్లో కూర్చునే. వాటి వరస దాదాపు ఒకటే. కొత్త సార్ వస్తారు. బొకే ఇస్తారు. తాను ఎక్కడెక్కడ పనిచేశారో, ఏ టీమును ఏ స్థానం నుంచి ఏ స్థానానికి తెచ్చారో చెప్తారు. ఆ తర్వాత తెర మీద ఒక పట్టిక పడుతుంది. పైన పచ్చరంగు, కింద ఎరుపు. ఎరుపులో ఉన్నవాళ్లు సమోసా చేతిలో పట్టుకుని తల దించుకుంటారు. చివర్లో "మనమంతా ఒక కుటుంబం" అనే మాట వస్తుంది. అందరూ చప్పట్లు కొట్టి మెట్లు దిగుతూ, ఈయన ఎన్నాళ్లుంటాడని ఒకరినొకరు అడుగుతారు. ఆ ప్రసంగంలో అబద్ధం ఉండదు. లేనిదల్లా, టార్గెట్ ఎందుకు తప్పిందన్న సంగతి. అది తెలియకుండా మాట్లాడిన మనిషిని టీమ్ ఆ పూటే అంచనా వేసేస్తుంది. ఎందుకంటే ఎందుకు తప్పిందో వాళ్లకు తెలుసు.

అందుకే ఆమె చేరిన మొదటి నాలుగు రోజులూ ఆఫీసులో కూర్చోకుండా గోడౌన్లు తిరిగింది. ఆమె వెతికింది ఏమిటో అర్థం కావాలంటే కంపెనీ లెక్కల్లో ఒక చిన్న మెలిక తెలియాలి.

మనం కిరాణా కొట్లో పది రూపాయల బిస్కెట్ ప్యాకెట్ కొంటాం. కొట్టువాడికి అది డిస్ట్రిబ్యూటరు దగ్గర్నుంచి వస్తుంది, డిస్ట్రిబ్యూటరుకు కంపెనీ నుంచి వస్తుంది. కంపెనీ డిస్ట్రిబ్యూటరుకు వేసిన బిల్లును ప్రైమరీ అంటారు. డిస్ట్రిబ్యూటరు కొట్లకు వేసిన బిల్లును సెకండరీ అంటారు. చాలా కంపెనీల్లో నెలాఖరున సేల్స్ మనిషి మెడ మీద కూర్చునేది ప్రైమరీ టార్గెట్టే. సరుకు డిస్ట్రిబ్యూటరు గోడౌన్లో దిగితే చాలు, కంపెనీ పుస్తకాల్లో అమ్మకం అయిపోయినట్టే. అక్కడి నుంచి కొట్లకు కదిలిందా, గోడకు ఆనుకుని కూర్చుందా అన్నది ఆ నెల లెక్కలో కనిపించదు. అందుకని ఏడాది చివర, మార్చి నెలలో, టార్గెట్ అందకపోతే ఒక దారి దొరుకుతుంది. డిస్ట్రిబ్యూటరును బతిమాలి, బెదిరించి, వచ్చే నెల చెక్కుతో సరిపెట్టుకుందామని చెప్పి, అవసరానికి మించిన సరుకు దింపడం. దీన్ని మన మార్కెట్లో లోడింగ్ అంటారు.

ఇది మన దగ్గర మాత్రమే ఉన్న జబ్బు కాదు. 2000, 2001 సంవత్సరాల్లో అమెరికా మందుల కంపెనీ బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్, ప్రతి మూడు నెలల చివరా టోకు వ్యాపారుల దగ్గర అవసరానికి మించి సరుకు నింపి లెక్కలు అందుకుందని అక్కడి సెక్యూరిటీస్ కమిషన్ ఆరోపించింది. 2004 ఆగస్టులో ఆ కంపెనీ 15 కోట్ల డాలర్లు కట్టి ఆ వ్యవహారాన్ని సర్దుబాటు చేసుకుంది. తెనాలి గోడౌన్లో జరిగింది అంత పెద్దది కాకపోయినా తీరు మాత్రం అదే. వచ్చే నెలలో అమ్మాల్సింది ఈ నెలలో అమ్మినట్టు చూపిస్తే, వచ్చే నెలలో అమ్మడానికి ఏమీ మిగలదు.

లోడింగ్ జరిగిందని ఎలా తెలుస్తుంది? ఆమె మూడు చోట్ల చూసింది. గోడౌన్లో వెనక వరస పెట్టెల మీద తేదీలు. నెల మొత్తం బిల్లుల్లో ఆఖరి ఐదు రోజులవి ఎన్ని. సగానికి పైగా ఆ ఐదు రోజుల్లోనే ఉంటే సరుకును కొట్లు అడగలేదు, టార్గెట్ అడిగింది. మూడోది, డిస్ట్రిబ్యూటరు దగ్గరున్న సరుకు ఎన్ని రోజుల అమ్మకానికి సరిపోతుందన్న లెక్క. బిస్కెట్ల వ్యాపారంలో పదిహేను రోజుల సరుకు ఉంటే హాయి. అంతకు తగ్గితే కొట్లో లేదనిపించుకుంటాం, బాగా పెరిగితే డిస్ట్రిబ్యూటరు డబ్బు ఇరుక్కుంటుంది. నెలాఖరున ఒకే హోల్‌సేల్ వ్యాపారి పేరు మీద పడ్డ పెద్ద పెద్ద బిల్లులు కూడా ఒక గుర్తే. ఆ సరుకు రేటు కోసి పక్క ఊరికి వెళ్లిపోతుంది. అక్కడి డిస్ట్రిబ్యూటరుకు తలనొప్పి మొదలవుతుంది.

ఆమె తెల్లకాగితం మీద వేసిన లెక్క ఇది. ఆ ప్రాంతంలో కొట్లకు నెలకు కదిలేది 5.3 కోట్ల రూపాయల సరుకు. మార్చిలో టార్గెట్ 7 కోట్లైతే డిస్ట్రిబ్యూటర్లకు 7.4 కోట్ల బిల్లులు వేశారు. 106 శాతం. అప్పుడు అందరికీ చప్పట్లు. కానీ ఆ నెల కూడా కొట్లకు వెళ్లింది 5.3 కోట్లే. మిగతా 2.1 కోట్ల సరుకు గోడౌన్లలో చేరింది. ఏప్రిల్ నుంచి మూడు నెలల టార్గెట్ 18 కోట్లు, వేసిన బిల్లులు 14.4 కోట్లు. 80 శాతం. తక్కువపడింది 3.6 కోట్లు. అయితే అదే మూడు నెలల్లో కొట్లకు కదిలింది 15.9 కోట్లు. అంటే కంపెనీ పంపినదానికంటే డిస్ట్రిబ్యూటర్లు కోటిన్నర ఎక్కువే అమ్మారు. ఆ కోటిన్నర మార్చి సరుకు.

ఆ లెక్కతో 3.6 కోట్ల లోటు రెండు ముక్కలైంది. కోటిన్నర ఏప్రిల్లోనో మేలోనో తప్పింది కాదు, మార్చి 31 రాత్రే తప్పిపోయింది. మిగిలిన 2.1 కోట్లు నిజమైన లోటు, నెలకు 70 లక్షలు. ఈ రెండింటికీ మందు ఒకటి కాదు. మొదటిదానికి మందు ఓపిక, మళ్లీ అదే పని చేయకుండా చేతులు కట్టుకోవడం. రెండోదానికి మందు మార్కెట్లో పని. రెండూ కలిపి "మీరు 20 శాతం వెనకబడ్డారు" అని తిడితే, వెనకబడనిదానికి కూడా మాట పడ్డామన్న కోపంతో నిజంగా వెనకబడిందాన్ని కూడా టీమ్ ఒప్పుకోదు.

నెలకు 70 లక్షలు ఎక్కడ పోతోంది? ఇందుకోసం ఆమె డిస్ట్రిబ్యూటర్ల సేల్స్‌మెన్ వెనక బండెక్కి బీట్లు తిరిగింది. బీటంటే సేల్స్‌మన్ ఒక రోజు తిరిగే కొట్ల వరస. సోమవారం ఒక పేట, మంగళవారం ఇంకో పేట. ఆ ప్రాంతం మొత్తం మీద 60 మంది సేల్స్‌మెన్ ఉండాలి. ఏడుగురు లేరు. జీతం చాలక డెలివరీ పనులకు వెళ్లిపోయారు. వాళ్ల బీట్లలో నెలల తరబడి ఎవరూ కొట్టు గడప తొక్కలేదు. ఆమె అంచనాలో 30 లక్షల లోటు అక్కడే ఉంది.

రెండోది క్లెయిములు. ఇది బయటివాళ్లకు తెలియని సంగతి గనక కాస్త ఆగి చెప్తాను. కంపెనీ ఒక స్కీము ప్రకటిస్తుంది: పన్నెండు డబ్బాలకు ఒకటి ఉచితం. కొట్టువాడికి ఆ ఉచిత డబ్బా ఇచ్చేది డిస్ట్రిబ్యూటరు, తన సరుకులోంచి. తర్వాత బిల్లులు జతచేసి ఆ డబ్బు కంపెనీని అడుగుతాడు. అదే క్లెయిము. డామేజీలు, తేదీ దాటినవి కూడా అలాగే. డిస్ట్రిబ్యూటరుకు మిగిలే మార్జిన్ చాలా సరుకుల్లో నాలుగైదు శాతం. నెలకు 12 లక్షల అమ్మకం ఉన్నవాడికి 5 శాతం చొప్పున 60 వేలు. వ్యాను, గోడౌన్ అద్దె, మనుషుల జీతాలు అన్నీ అందులోంచే. అలాంటివాడికి లక్షన్నర క్లెయిములు నాలుగు నెలలు ఆగిపోతే, రెండున్నర నెలల మార్జిన్ గాలిలో ఉన్నట్టు. అతను కంపెనీతో పోట్లాడడు. నెమ్మదిగా ఆర్డరు తగ్గిస్తాడు. త్వరగా అమ్ముడయ్యే రెండు రకాలు మాత్రం పెట్టుకుని మిగతావి లేవంటాడు. ఆ ప్రాంతంలో ఆగిన క్లెయిములు 38 లక్షలు. ఐదుగురు డిస్ట్రిబ్యూటర్లు సగం రకాలు తీసుకోవడం మానేశారు. ఇక్కడ ఇంకో 20 లక్షలు.

మిగిలిన 20 లక్షలు టీమ్ బాధ్యత. బీట్ల మీద సరిగా తిరగకపోవడం. సేల్స్‌మన్ ఫోన్లోని యాప్‌లో కొట్లో నిలబడి ఆర్డరు ఎక్కించాలి. కొన్ని బీట్లలో ముప్పై ఆర్డర్లూ సాయంత్రం ఐదు నుంచి ఆరు లోపే ఎక్కి ఉన్నాయి, ఒక్కోదానికీ మధ్య నిమిషం, నిమిషంన్నర తేడాతో. ముప్పై కొట్లు ఒక గంటలో ఎవరూ తిరగలేరు. టీ కొట్టు దగ్గర కూర్చుని నొక్కినవి అవి. సేల్స్ ఆఫీసరుకు ఇది తెలియకుండా ఉండదు. ఆమె ఆ జాబితా తయారుచేసి సంచిలో పెట్టుకుంది. హాల్లో మాత్రం దాన్ని తీయలేదు.

హాలుకు వెళ్లేముందు ఆమె చేసిన పని ఒకటుంది. నా దృష్టిలో ఆ ప్రసంగానికి ప్రాణం అదే. ముందురోజు హైదరాబాదులో తన పై అధికారి దగ్గర కూర్చుని లెక్క చూపించింది. గోడౌన్లలో ఇంకా 3.3 కోట్ల సరుకు ఉంది. మామూలుగా ఉండాల్సింది 2.7 కోట్లు. అందుకని జులైలో 6 కోట్ల టార్గెట్ పెట్టుకున్నా, నిజాయితీగా వేయగలిగిన బిల్లు 4.8 కోట్లేనని చెప్పింది. ఆయన ఒప్పుకోలేదు. గంటన్నర మాటలయ్యాక, ఏడాది టార్గెట్ పైసా తగ్గదని, జులై ఒక్క నెలకు ఆ అంకెతో తాను పైన మాట్లాడతానని అన్నాడు. ఆ మాట లేకుండా "ఇక లోడింగ్ ఉండదు" అని టీముకు చెప్పి ఉంటే, జులై 28న పైనుంచి ఫోను రాగానే ఆ మాట కూలిపోయేది. కొత్త మేనేజరు తొలి ప్రసంగం నిజంగా వినాల్సిన మొదటి శ్రోత పై అధికారి. ఎందరో మంచివాళ్లు ఈ మెట్టు దాటేసి హాల్లో పెద్ద మాటలు చెప్పి, నెల తిరక్కుండా మాట పోగొట్టుకున్నారు.

సోమవారం పది గంటలకు ఆమె మాట్లాడింది. తెర లేదు, పట్టిక లేదు. ఒక వైట్‌బోర్డు, ఒక పెన్ను. మాట్లాడింది పన్నెండు నిమిషాలు. ఒక ఏరియా మేనేజరు రాసుకున్న నోట్సు, ఆమె చెప్పింది కలిపి ఇక్కడ ఇస్తున్నాను.

"అందరికీ నమస్కారం. నా గురించి ఒక్క మాట. ఒంగోల్లో సేల్స్ ఆఫీసరుగా మొదలుపెట్టాను. మీరు తిరిగే బీట్లలాంటివే నేనూ తిరిగాను. మిగతాది కలిసి పనిచేస్తుంటే మీకే తెలుస్తుంది.

పోయిన మూడు నెలల టార్గెట్ 18 కోట్లు. మనం చేసింది 14.4 కోట్లు. 80 శాతం. దీన్ని తగ్గించి చెప్పను. ఈ మూడు నెలల ఇన్సెంటివ్ రాలేదు, రాదు కూడా. దానికోసం పైన మాట్లాడతానని ఆశ పెట్టడం నాకిష్టం లేదు."

అప్పుడు బోర్డు మీద 3.6 అని రాసి, దాని కింద రెండు గీతలు గీసి, ఒకవైపు 1.5, ఇంకోవైపు 2.1 అని రాసింది.

"ఈ కోటిన్నర మార్చి 31న గోడౌన్లలో దింపిన సరుకు. తెనాలిలో నేనే పెట్టె మీద తేదీ చూశాను. ఎవరు దింపారని అడగను. కంపెనీ అడిగింది, మీరు చేశారు. ఆ కంపెనీ తరఫున ఇప్పుడు మీ ముందు నిలబడింది నేను. కాబట్టి ఈ కోటిన్నర లెక్క నాది. దీనికోసం మీలో ఎవర్నీ ఒక్క మాట అనను.

ఈ 2.1 కోట్లు మాత్రం మార్కెట్లో పోయింది. దీని లెక్క మనం చూడాలి. ఏడు బీట్లలో మనుషులు లేరు. క్లెయిములు ఆగి ఐదుగురు డిస్ట్రిబ్యూటర్లు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. మిగిలింది మన తిరుగుడు. దాని గురించి ఇక్కడ మాట్లాడను. ఈ వారంలో ఒక్కొక్కరితో వేరుగా కూర్చుంటాను. మీ బీట్ల కాగితాలు నా దగ్గరున్నాయి, మీరూ తెచ్చుకోండి.

జులైలో మనం వేసే బిల్లు 4.8 కోట్లు. టార్గెట్ 6 కోట్లే. ఈ తేడా గురించి పైవాళ్లతో నిన్న మాట్లాడి వచ్చాను. ఏడాది టార్గెట్ తగ్గించమని అడిగాను, ఒప్పుకోలేదు. కాబట్టి ముందు నెలలు మనకు బరువుగా ఉంటాయి. అది తెలిసే చెప్తున్నాను. ఇరవై రోజులకు మించి సరుకున్న ఏ డిస్ట్రిబ్యూటరుకూ బిల్లు వేయొద్దు. ఎవరైనా వేయమంటే నాకు ఫోన్ చేయండి.

క్లెయిములు 38 లక్షలు. అందులో 22 లక్షల కాగితాలు హెడ్డాఫీసులో ఉన్నాయి. అది నా పని. ఆగస్టు 10లోగా ప్రతి ఒక్క క్లెయిము పాసయిందో, తిరిగొచ్చిందో, ఎందుకు తిరిగొచ్చిందో మీకు చెప్తాను. అన్నీ పాస్ చేయిస్తానని మాత్రం మాటివ్వను. మిగతా 16 లక్షల కాగితాలు అసలు మన దగ్గర్నుంచే వెళ్లలేదు. బిల్లు కాపీ లేదనో, కొట్టువాడి సంతకం లేదనో ఆగిపోయాయి. అవి శనివారంలోగా నాకు కావాలి. అది మీ పని."

వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచాడు. ఆ టీములో అందరికంటే పాతవాడు. "మేడమ్, తప్పుగా అనుకోకండి. ఇంతకుముందున్న సార్ కూడా మొదటి మీటింగులో లోడింగ్ వద్దన్నారు. పండగ నెల వచ్చేసరికి ఆయనే రాత్రి ఫోన్లు చేశారు."

హాల్లో చప్పుడు లేదు. ఇక్కడ చాలామంది పాత సార్‌ను ఒక మాట అంటారు, లేదా "నేను అలాంటిదాన్ని కాను" అంటారు. పాత సార్‌ను అంటే ఆయనతో కలిసి ఆ సరుకు దింపిన వాళ్లందర్నీ అన్నట్టే. తాను అలాంటిదాన్ని కానంటే వినేవాళ్ల దగ్గర రుజువు లేదు. ఆమె అన్నది ఇది: "మీరు నా మాట నమ్మక్కర్లేదండీ. ప్రతి నెలా ఒకటో తారీఖున, డిస్ట్రిబ్యూటరు వారీగా ఎన్ని రోజుల సరుకుందో ఆ షీటు మన గ్రూపులో నేనే పెడతాను. పెరిగితే మీ అందరికీ కనిపిస్తుంది. అప్పుడు నన్ను అడగండి, అందరి ముందే అడగండి."

ఆ పెద్దాయన "సరే మేడమ్" అని కూర్చున్నాడు. చప్పట్లేమీ మోగలేదు. టీ వచ్చింది. టీ తాగుతుండగా ఇద్దరు సేల్స్ ఆఫీసర్లు బోర్డు దగ్గరికెళ్లి ఆ అంకెల్ని ఫోన్లో ఫొటో తీసుకున్నారని ఏరియా మేనేజరు నాకు చెప్పాడు. పదేళ్ల సర్వీసులో మీటింగు బోర్డును ఎవరైనా ఫొటో తీసుకోవడం తానెప్పుడూ చూడలేదన్నాడు.

ఆ ప్రసంగంలో నాకు నచ్చినది దాని మెత్తదనం కాదు. ఆ మూడు నెలల ఇన్సెంటివ్ రాదని ముఖం మీదే చెప్పింది. ఏడాది టార్గెట్ తగ్గలేదని చెప్పింది. మెత్తగా ఉన్నది ఒక్క చోటే: మనుషుల తప్పులు నలుగురిలో ఎత్తలేదు. దానికి కారణం దయ ఒక్కటే కాదు. భయపడ్డ మనిషి లెక్క దాస్తాడు. అమెరికా గణాంకవేత్త ఎడ్వర్డ్స్ డెమింగ్ తన 14 సూత్రాల్లో భయాన్ని తరిమేయమన్నది ఒకటి, అంకెల కోటాలు వద్దన్నది ఇంకొకటి. సేల్స్‌లో టార్గెట్టే లేకుండా పని నడుస్తుందని నేననుకోను. కానీ భయం గురించి ఆయన చెప్పింది మాత్రం నేను కళ్లారా చూశాను. టీ కొట్టు దగ్గర నొక్కిన ఆ ముప్పై ఆర్డర్లు భయంలోంచే పుట్టాయి.

ఆ వారం ఆమె పదకొండు మందితోనూ విడివిడిగా కూర్చుంది. ఒక్కొక్కరికి గంట. అక్కడ సంచిలోని జాబితా బయటికి వచ్చింది. తొమ్మిది మంది ఒప్పుకున్నారు. ఇద్దరు వాదించారు. ఆ ఇద్దర్లో ఒకాయన ఆగస్టులో ఉద్యోగం మానేశాడు. ఖాళీగా ఉన్న ఏడు బీట్లలో నాలుగింటికి సెప్టెంబరు నాటికి మనుషులు దొరికారు. డిస్ట్రిబ్యూటరు ఇచ్చే జీతానికి కంపెనీ కొంత కలిపితేనే అది కుదిరింది. దానికి అనుమతి రావడానికి ఆరు వారాలు పట్టింది. ఆగస్టు 10న క్లెయిముల జాబితా గ్రూపులో పెట్టింది. 22 లక్షల్లో 17 లక్షలు పాసయ్యాయి, 5 లక్షలు తిరిగొచ్చాయి. ఎందుకు తిరిగొచ్చాయో ఒక్కోదాని పక్కనా రాసింది. డబ్బు రాని డిస్ట్రిబ్యూటరు కూడా, కారణం తెలిసింది కదా అని శాంతించాడట. ఆ శనివారం అడిగిన 16 లక్షల కాగితాల్లో 12 లక్షలవే వచ్చాయి. మిగతావాటికి బిల్లులే లేవు. ఆ డబ్బు పోయినట్టే.

జులై 29న పైనుంచి ఫోను వచ్చింది. ఇంకో 40 లక్షలు వేయలేరా అని. ఆమె వేయలేదు. ఆ ఫోను తర్వాత ఆ రాత్రి నిద్ర పట్టలేదని నాతో అంది. జులై 4.8 కోట్లతో ముగిసింది, 80 శాతం. ఆ నెల దేశం మొత్తం జాబితాలో ఆమె ప్రాంతం అట్టడుగున ఉంది. ఆగస్టులో 5.5 కోట్లు, సెప్టెంబరులో 5.7 కోట్లు. మూడు నెలలకు 18 కోట్ల టార్గెట్ మీద 16 కోట్లు. 89 శాతం. ఇన్సెంటివ్ 95 శాతం నుంచి మొదలవుతుంది గనక టీముకు ఈసారి కూడా రాలేదు. అది చిన్న నష్టం కాదు. పిల్లల ఫీజులు, బండి వాయిదాలు ఆ డబ్బు మీద ఆధారపడ్డ ఇళ్లు అవి. ఇంకో సేల్స్ ఆఫీసరు ఆ కారణంగానే వేరే కంపెనీకి వెళ్లాడు. ఆమె ఆపలేదు, ఆపే హక్కు తనకు లేదనుకుంది.

అక్టోబరు ఒకటిన సరుకు షీటు గ్రూపులో పడింది. సగటున పదిహేను రోజులు. తెనాలి గోడౌన్లో వెనక గోడ పక్కనున్న పెట్టె మీద తేదీ సెప్టెంబరు. కొట్లకు కదిలే సరుకు నెలకు 5.3 కోట్ల నుంచి 5.7 కోట్లకు పెరిగింది. మార్చిలో చప్పట్లు కొట్టించుకున్న 106 శాతం కంటే, నా లెక్కలో, ఈ 89 శాతమే ఎక్కువ అమ్మకం.